మూడేళ్లుగా వాడుతున్న బైటోనిక్ సార్టర్: కాలం తప్పలేదు, కాలువ తప్పింది

చిత్తూరు శివార్లలోని ఒక వేరుశనగ మిల్లులో గింజలను రంగును బట్టి ఏరే యంత్రం ఉంది. దాని నియంత్రణ బోర్డును తిరుపతిలోని మా చిన్న వర్క్‌షాపులో నేనే తయారుచేశాను. పదహారు కాలువల్లో గింజలు జారుతుంటాయి. కెమెరా ప్రతి కాలువలోని గింజకు 0 నుంచి 255 వరకు ఒక చెడు స్కోరు ఇస్తుంది. కంప్రెసర్ చిన్నది కాబట్టి ఒకేసారి నాలుగు గాలి నాజిళ్లకు మించి తెరవలేము. అందువల్ల ప్రతి విడతలోనూ పదహారు స్కోర్లను క్రమంలో పెట్టి, పై నాలుగింటి కాలువ సంఖ్యలను నాజిళ్లకు పంపాలి. ఈ పనికి ఎఫ్‌పీజీఏలో, అంటే కావలసిన సర్క్యూట్‌ను మనమే అమర్చుకోగల చిప్‌లో, విలువలను జంటలుగా పోలుస్తూ క్రమంలో పెట్టే బైటోనిక్ సార్టర్‌ను పెట్టి మూడేళ్లు దాటింది.

1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ బ్యాచర్ ప్రచురించిన ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చాలామందికి తెలిసిందే కనుక మళ్లీ వివరించను. పదహారు తీగలు, పది దశలు, దశకు రెండేసి తీగల విలువలను పోల్చి సర్దే కంపేరేటర్లు ఎనిమిది, మొత్తం ఎనభై. ఏ తీగను ఏ తీగతో పోల్చాలన్నది స్కోర్లు రాకముందే నిర్ణయమైపోయి ఉంటుంది. నేను దీన్ని ఇష్టపడటానికి కారణం వేగం కాదు. మా 50 మెగాహెర్ట్జ్ క్లాక్ మీద పది దశలకు 200 నానోసెకన్లు పడుతుంది. గింజ కిందికి పడే మిల్లీసెకన్ల ముందు అది లెక్కలోకే రాదు, నిజానికి మామూలు మైక్రోకంట్రోలర్ కూడా ఆ పని చేయగలదు. నన్ను కట్టిపడేసింది పరీక్ష. పోలికల క్రమం మారని నెట్‌వర్క్ అయితే, సున్నాలు, ఒకట్లు మాత్రమే ఉన్న ప్రతి ఇన్‌పుట్‌నూ సరిగా సర్దితే చాలు, ఏ సంఖ్యలనైనా సరిగా సర్దుతుంది. దీన్నే సున్నా-ఒకటి సూత్రం అంటారు. పదహారు తీగలకు అలాంటి ఇన్‌పుట్లు 65,536 మాత్రమే. క్లాక్‌కు ఒకటి చొప్పున బోర్డు మీదే నడిపితే ఒకటిన్నర మిల్లీసెకన్లలోపే అన్నీ అయిపోతాయి. డేటాను చూసి దారి మార్చుకునే ప్రోగ్రాములకు ఈ నియమం వర్తించదు. మొదటిసారి ఆ పరీక్ష ఒక్క తప్పూ లేకుండా ముగిసినప్పుడు, ఇక ఈ భాగం వైపు తిరిగి చూడనక్కర్లేదని అందరికీ చెప్పుకున్నాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాల్సి ఉంది.

రెండో ఏడాది వర్షాలకు తడిసిన సరుకు వచ్చినప్పుడు మిల్లు యజమాని ఫోన్ చేశాడు. "సార్, మంచి సరుకొస్తే మీ మిషన్ బంగారం. పాడు సరుకొస్తే మాత్రం కండ్లు మూసుకుంటాది" అన్నాడు. ముందు కంప్రెసర్‌ను అనుమానించాను, తరువాత కెమెరా దీపాలను. రెండు రోజులు నాజిళ్లను విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. చివరికి విసుగుతో ఒక నల్లటి అట్టను పదహారు కాలువలకూ అడ్డంగా పెట్టాను. అన్ని స్కోర్లూ 255కి చేరాయి. నాలుగు నాజిళ్లు టక్కుమనాలి. 0 నుంచి లెక్కిస్తే చివరిదైన 15వ కాలువ నాజిల్ ఒక్కటే మోగింది.

స్కోరుతో పాటు కాలువ సంఖ్య కూడా ట్యాగ్‌గా తీగల వెంట ప్రయాణిస్తుంది. కంపేరేటర్‌లో ఆ ట్యాగ్‌ల కోసం నేను రాసిన రెండు వరుసలు ఇవి. ఇందులో `a`, `b` పై తీగ, కింది తీగ స్కోర్లు; `ta`, `tb` వాటి ట్యాగ్‌లు:

```
assign min_tag = (a < b) ? ta : tb;
assign max_tag = (a > b) ? ta : tb;
```

రెండు స్కోర్లూ వేరైతే ఇందులో తప్పేమీ లేదు. సమానమైతే మాత్రం రెండు షరతులూ విఫలమై, రెండు వైపులకూ `tb` వెళుతుంది. ఒక కాలువ పేరు రెండుసార్లు వస్తుంది, మరొకటి మాయమవుతుంది. స్కోర్లు రెండూ ఒకటే కాబట్టి వాటిని చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

దీన్ని నాలుగు తీగల మీద చేతితో నడిపి చూశాను. 0 నుంచి 3 వరకు కాలువల్లో వరుసగా 200, 255, 255, 40 స్కోర్లు ఉన్నాయనుకుందాం. మొదటి దశలో పై జంటను పెరిగే క్రమంలో, కింది జంటను తగ్గే క్రమంలో పెట్టాలి. రెండూ అప్పటికే అలాగే ఉన్నాయి. రెండో దశలో మొదటి తీగను మూడోదానితో, రెండోదాన్ని నాలుగోదానితో పోల్చితే, 200, 40, 255, 255 వస్తాయి. వాటి వెంట కాలువలు 0, 3, 2, 1. మూడో దశలో పక్కపక్క తీగల పోలిక. మొదటి జంట 40, 200గా సర్దుకుంటుంది. రెండో జంటలో 255 ఎదుట 255 నిలుస్తుంది, ఇద్దరికీ కాలువ 1 పేరే పడుతుంది. ఫలితంలో స్కోర్లు 40, 200, 255, 255 అని నిక్కచ్చిగా ఉంటాయి, కాలువలు మాత్రం 3, 0, 1, 1. కాలువ 2లోని బూజు గింజ నేరుగా మంచి సంచిలోకి పోతుంది. పదహారు తీగలూ సమానమైతే, ప్రతి దశలోనూ కింది తీగ పేరు పై తీగకు అంటుకుంటూ పోయి, చివరకు అన్నింటి మీదా 15 మిగులుతుంది. నల్ల అట్ట చూపించింది దాన్నే.

పొడి సరుకులో 255 స్కోరు ఒకే విడతలో రెండు కాలువల్లో రావడం అరుదు. తడిసిన సరుకులో అది మామూలు. యజమాని మాటకు అర్థం అదే.

సున్నా-ఒకటి సూత్రం తప్పేమీ లేదు. ఆ పరీక్షలో నేను చూసింది స్కోర్లను మాత్రమే. ట్యాగ్‌లను పరీక్షించేటప్పుడు 0 నుంచి 15 వరకు సంఖ్యలనే స్కోర్లుగా తారుమారు చేసి ఇచ్చాను, అందులో ఏ రెండూ సమానం కావు. సున్నాలు, ఒకట్లతో పదహారు తీగలు నింపితే సమాన విలువలు తప్పవు కాబట్టి, అదే పరీక్షలో పదహారు ట్యాగ్‌లూ ఒక్కొక్కసారే బయటికి వచ్చాయా అని చూసి ఉంటే మొదటిరోజే పట్టుబడేది. సిగ్గుపడాల్సిన విషయమే.

రెండు ట్యాగ్‌లనూ ఒకే పోలిక ఫలితంతో నడిపితే ఈ తప్పు పోతుంది. నేను ఇంకో అడుగు వేసి, ఎనిమిది బిట్ల స్కోరు కింద నాలుగు బిట్ల కాలువ సంఖ్యను అతికించి, పన్నెండు బిట్లనూ ఒకే విలువగా పోల్చాను. ఇక సమానమన్న ప్రశ్నే లేదు. అయితే దీనికీ ఒక పక్షపాతం ఉంది: ఆరు కాలువలు 255 వద్ద ఉంటే ఎప్పుడూ పెద్ద సంఖ్య ఉన్న నాలుగే గెలుస్తాయి, చిన్న సంఖ్యల కాలువల్లో చెడు గింజలు జారిపోతూనే ఉంటాయి. అందుకని అతికించే ముందు కాలువ సంఖ్యకు విడత లెక్కను కలిపి, పదహారుతో భాగించిన శేషాన్ని వాడుతున్నాను. నాజిల్‌కు పంపేటప్పుడు ఆ లెక్కను తిరిగి తీసేస్తాను. ఆ తరువాత ఒక వర్షాకాలం గడిచింది, ఫోన్ రాలేదు.

ఇంకొకరికి ఇదే పెట్టుకోమని చెప్పగలనా అంటే, మీ చిప్‌లో ఎంత చోటుందో తెలియాలి. బ్యాచర్‌దే అయిన బేసి-సరి మెర్జ్ పద్ధతి అదే పది దశల్లో 63 కంపేరేటర్లతో ముగుస్తుంది. నాకు కావలసింది పై నాలుగే కనుక, చివరి దశల్లో కొన్ని కంపేరేటర్లను కత్తిరించనూ వచ్చు. నా చిప్‌లో చోటు మిగిలే ఉంది, పైగా ప్రతి దశలోనూ ప్రతి తీగ ఒక కంపేరేటర్ గుండా వెళ్లడం వల్ల బొమ్మ గీసుకోవడం, తప్పు వెతకడం తేలికైంది, అందుకే దీన్ని మార్చలేదు. ముప్పై రెండు కాలువల యంత్రం అడుగుతున్నారు. దానికి సున్నా-ఒకటి ఇన్‌పుట్లు నాలుగు వందల కోట్లు దాటతాయి, బోర్డు మీద నడిపితే ఒకటిన్నర నిమిషం పడుతుంది. ఆ కాసేపు ఆగడానికి నాకు అభ్యంతరం లేదు. కంపేరేటర్లు 240 అవుతాయి, ఈ చిప్‌లో అవి పడతాయో లేదో ఇంకా చూడలేదు.