తిరిగొచ్చిన మెయిల్, పది కోడ్ల కాగితం: మూడేళ్ల వాడకం తర్వాత

నేను లెక్కల టీచర్‌గా పనిచేసి 2014లో పదవీ విరమణ చేశాను. ఉండేది తెనాలిలో. పోగొట్టుకున్న జీమెయిల్ ఖాతా 2023 సంక్రాంతికి మా మనవడి సాయంతో తిరిగి వచ్చింది. అప్పుడు వాడు నాకు అమర్చి ఇచ్చిన ఏర్పాటును, అంటే ఫోన్‌కు కోడ్ రాకపోయినా మెయిల్ తెరవడానికి పనికొచ్చే పది కోడ్ల కాగితాన్ని, మూడేళ్లుగా వాడుతున్నాను. ఆ ఏర్పాటు ఎలా పనిచేసిందో, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో నా వయసు వాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఆ మెయిల్ కోసం నేను అంతగా పట్టుపట్టడానికి కారణం ఒకటే. 2016లో మావారు న్యూజెర్సీలో మా చిన్నమ్మాయి దగ్గర అయిదు నెలలు ఉన్నారు. మా అమ్మను చూసుకోవలసి ఉండి నేను వెళ్లలేకపోయాను. ఆయన రోజూ రాత్రి నాకో ఉత్తరం రాసేవారు, ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు. మంచు పడితే మంచు గురించి, వంకాయ కూర బాగా కుదిరితే దాని గురించి. నూట ముప్పై పైచిలుకు ఉత్తరాలు. 2020లో ఆయన పోయారు. ఆ ఉత్తరాలు ఇంకెక్కడా లేవు.

ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు ఆయనదే. ఆ సిమ్‌కు రీచార్జి చేయడం మానేశాం. మన దేశంలో ప్రీపెయిడ్ నంబరును తొంభై రోజులు వాడకుండా, అందులో కనీస నిల్వ కూడా లేకుండా వదిలేస్తే ఆపేస్తారు. ఆ తర్వాత కనీసం మరో తొంభై రోజులు ఆగి వేరే వాళ్లకు ఇవ్వవచ్చు. మాకది తెలియదు. 2021 జులైలో చివరిసారి మెయిల్ చూసి, కంప్యూటర్ మూసే ముందు అలవాటు ప్రకారం సైన్ అవుట్ చేశాను. మళ్లీ 2022 చివరలో తెరవబోతే పాస్‌వర్డ్ తప్పంటోంది. కోడ్ పంపుతామంటే అది వెళ్లేది ఆయన నంబరుకు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో అబ్బాయి ఎత్తాడు. ఆరు నెలలుగా తనదేనన్నాడు. మర్యాదస్థుడు.

ఆ అబ్బాయినే బతిమాలి కోడ్ చెప్పించుకుంటే సరిపోతుంది కదా అని మనవడిని అడిగాను. వాడు ఒప్పుకోలేదు. "అమ్మమ్మా, ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఈ నంబరుతో నీ ఖాతా తెరుచుకుంటుందని మనమే ఆయనకు చెప్పినట్టవుతుంది. ఇంకో దారి చూద్దాం" అన్నాడు. వాడికి అప్పటికి పందొమ్మిదేళ్లు. హైదరాబాదులో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం.

దానికి ముందు నేనొక పొరపాటు చేశాను. ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేశాను. అవతలి మనిషి ఎంతో గౌరవంగా మాట్లాడి, ఫోన్‌లో ఒక యాప్ వేసుకోమన్నాడు, దానితో నా తెర తనకు కనపడుతుందట. తర్వాత పది రూపాయలు కార్డుతో కట్టమనగానే పెట్టేశాను. ఉచిత ఖాతాల పాస్‌వర్డు తిరిగి ఇప్పించడానికి ఫోన్ నంబరు అంటూ ఏదీ లేదని, ఉందని చెప్పేవాళ్లంతా మోసగాళ్లేనని మనవడు చెప్పాడు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలని కూడా అప్పుడే తెలిసింది.

మొదట వాడు హైదరాబాదు నుంచి తన లాప్‌టాప్‌లో ప్రయత్నించాడు. రెండుసార్లూ ఈ ఖాతా మీదేనని నిర్ధారించలేకపోయాం అనే వచ్చింది. మూడోసారి చేయకుండా ఆగిపోయాడు. అక్కడి నుంచి మాటిమాటికీ ప్రయత్నించి లాభం లేదని, పండక్కి వచ్చి మా ఇంట్లోనే చూస్తానని అన్నాడు. ఈ ఆగడమే అసలు కీలకమని నాకు తర్వాత అర్థమైంది. అడిగేది ఖాతాదారేనా అని తేల్చుకోవడానికి గూగుల్ వాళ్లు చూసే వాటిలో ముఖ్యమైనది, అంతకు ముందు ఆ ఖాతా తెరిచిన యంత్రమేనా, ఆ ఊరేనా, ఆ బ్రౌజరేనా అన్నది. హైదరాబాదులోని కొత్త లాప్‌టాప్ వాళ్ల దృష్టిలో పరాయి మనిషే. నా గదిలో దుప్పటి కప్పి ఉంచిన పాత డెస్క్‌టాప్ తెలిసిన మనిషి.

భోగి మర్నాడు దాన్ని దులిపి పెట్టాం. తెరుచుకోవడానికి పావుగంట పట్టింది. వాడు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మౌసు మాత్రం ముట్టుకోలేదు. "నువ్వే చెయ్యి అమ్మమ్మా, నాకు తొందరేం లేదు" అన్నాడు. నేను మెయిల్ చిరునామా టైపు చేసి Forgot password? నొక్కాను. మీకు గుర్తున్న చివరి పాస్‌వర్డ్ చెప్పండి అని అడిగింది.

నా పాస్‌వర్డులు పాత టీచర్ డైరీ చివరి పేజీలో ఉన్నాయి. మూడు రాసి, రెండు కొట్టేసి ఉన్నాయి. మూడోదాన్ని నెలల తరబడి ప్రయత్నించి విసిగిపోయాను. వాడు డైరీ తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్లి చాలాసేపు చూశాడు. "అమ్మమ్మా, నువ్వు సున్నా ఎలా రాస్తావు?" అన్నాడు. నేను సున్నా మధ్యలో చుక్క పెడతాను. పిల్లలు ఇంగ్లీషు 'ఓ' అనుకోకుండా బోర్డు మీద పెట్టిన అలవాటు, ముప్పై ఏళ్లది. ఈ పాస్‌వర్డులో ఉన్న గుండ్రటి అక్షరానికి చుక్క లేదు. అది సున్నా కాదు, పెద్ద 'ఓ'. అన్ని నెలలూ నేను సున్నా కొడుతూ వచ్చాను.

అది కొట్టగానే ఖాతా తెరుచుకోలేదు. అంత సులువు కాదు. ఏడాదిన్నర తర్వాత తెరుస్తున్నందుకో ఏమో, ఇంకో ఆధారం కూడా అడిగింది. మళ్లీ ఆయన నంబరు చివరి రెండంకెలే చూపించింది. అప్పుడు Try another way నొక్కించాడు. ఈసారి హైదరాబాదులో కనపడనిది ఒకటి కనపడింది: ఒక మెయిల్ చిరునామా, మొదటి అక్షరాలు తప్ప అన్నీ చుక్కలు. 2011లో ఈ ఖాతా తెరిచి ఇచ్చింది మా చిన్నమ్మాయి. అది తన చిరునామానే ఇచ్చి ఉంచింది, తనకూ గుర్తులేదు.

మాకు మధ్యాహ్నం, అక్కడ అర్ధరాత్రి దాటింది. పంపించిన కోడ్ ఎవరూ చూడకుండానే గడువు తీరిపోయింది. వాడు నవ్వి, "రేపు పొద్దున్న తొమ్మిదిన్నరకు చేద్దాం, పిన్నికి రాత్రి పదకొండు అవుతుంది" అన్నాడు. మర్నాడు పిన్నిని ఫోన్‌లో ఉంచి కోడ్ పంపమన్నాం. తన ఇన్‌బాక్స్‌లో లేదు. స్పామ్ చూడమన్నాడు, అక్కడుంది. ఆరంకెలు ఒక్కొక్కటీ చెప్పింది, నేను ఒక్కొక్కటీ కొట్టాను. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంది. కొందరిని ఇక్కడే కొన్ని గంటలో, కొన్ని రోజులో ఆగమంటుందట. నన్ను ఆగమనలేదు.

ఆ ఏడాది మే నెలలో గూగుల్ ఒక ప్రకటన చేసింది. రెండేళ్లుగా తెరవని ఖాతాలను డిసెంబరు నుంచి తొలగిస్తామని. నేను చివరిసారి తెరిచింది 2021 జులైలో. సంక్రాంతికి తిరిగి రాకపోయి ఉంటే నాది ఆ లెక్కలోకి వచ్చేది.

ఇక వాడు అమర్చిన ఏర్పాటు. నా సొంత నంబరు, చిన్నమ్మాయి మెయిల్, రెండూ ఖాతాకు జతచేశాడు. పాస్‌వర్డుతో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ కూడా అడిగే రెండంచెల తనిఖీ పెట్టాడు. Security, దానిలో 2-Step Verification, అందులో Backup codes తెరిపించి, వచ్చిన పది కోడ్లను కాగితం మీద అచ్చు తీయించాడు. ఒక్కోటి ఎనిమిదంకెలు. ఫోన్‌కు కోడ్ రానప్పుడు పాస్‌వర్డు తర్వాత దీన్ని కొడితే సరిపోతుంది. ఒకసారి వాడినది మళ్లీ పనిచేయదు, కాబట్టి పెన్సిల్‌తో కొట్టేసి తేదీ వేస్తాను. ఒక ప్రతి బీరువాలో బ్యాంకు పాసుపుస్తకంలో ఉంది, ఒకటి చిన్నమ్మాయి దగ్గర ఉంది. పాస్‌వర్డు మాత్రం ఆ కాగితం మీద రాయనివ్వలేదు.

మూడేళ్లలో నాలుగుసార్లు ఆ కాగితం అవసరం పడింది. ఫోన్ రిపేరుకు ఇచ్చినప్పుడు రెండుసార్లు ఎలాంటి ఇబ్బందీ లేదు. నిలబడి అంకెలు కొట్టాను, తెరుచుకుంది. మూడోది 2024 వేసవిలో న్యూజెర్సీలో. నా సిమ్‌కు రోమింగ్ లేదు, ఎస్సెమ్మెస్ రాదు. కూతురి కంప్యూటర్‌లో తెరవబోయి, తన దగ్గరున్న కాగితం తీసి కోడ్ కొట్టాను. తప్పంది. ఇంకోటి కొట్టాను. అదీ తప్పే. గుండె జారిపోయింది.

హైదరాబాదుకు ఫోన్ చేస్తే విషయం తేలింది. అంతకు రెండు నెలల ముందు నా పాత కాగితం మీద నీళ్లు పడి చెరిగిపోతే వాడు కొత్త జాబితా తీసి ఇచ్చాడు. కొత్తది తీయగానే పాతవన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోతాయి. చిన్నమ్మాయి దగ్గరున్నది పాతది. రెండు కాగితాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, అంకెలు తప్ప తేడా తెలియదు. వాడు వాళ్లమ్మను తెనాలి పంపి, బీరువాలోంచి ఫోన్‌లో చదివించాడు. మధ్యలో ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పైగా "నేనే తేదీ వేయించి ఉండాల్సింది అమ్మమ్మా, నీ తప్పు కాదు" అన్నాడు. ఇప్పుడు కాగితం పైన ఎర్ర సిరాతో తీసిన తేదీ ఉంటుంది. కొత్తది తీస్తే అన్నిచోట్లా పాతది చించేస్తాం.

ఈ ఏర్పాటులో నాకు నచ్చనిది ఒకటుంది. ఆ పేజీ లోపల ఎంతో లోతున ఉంటుంది, నా ఖాతాలో దాని పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఎవరూ చెప్పకుండా అక్కడికి చేరడం కష్టం. పైగా అది ఫోన్‌కు మాత్రమే ప్రత్యామ్నాయం. పాస్‌వర్డే మర్చిపోతే ఈ పది కోడ్లూ ఒంటరిగా తలుపు తీయలేవు. అప్పుడు మళ్లీ పాత యంత్రం, అదే ఊరు, కూతురి మెయిల్, ఆ దారే. అందుకే ఆ డెస్క్‌టాప్‌ను పాతసామాన్ల వాడికి ఇవ్వలేదు. నెలకోసారి దానిలోంచి మెయిల్ తెరుస్తాను.

నంబరు మార్చేవాళ్లకు ఒక మాట. పాత సిమ్ బతికి ఉండగానే ఖాతాలో కొత్త నంబరు పెట్టండి. మార్చిన తర్వాత కూడా ఒక వారం దాకా పాత నంబరుకు కోడ్ వెళ్లే వీలు ఉంటుంది, కాబట్టి ఆ వారం పాత సిమ్ దగ్గరే ఉంచుకోండి.

నాలుగోసారి కోడ్ గత నెలలో వాడాను. కొత్త ఫోన్ కొన్నాను, సిమ్ ఇంకా వేయలేదు. మనవడికి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. వాడికి ఫోన్ చేయలేదు. బీరువా తీసి, ఎర్ర తేదీ చూసి, వాడని కోడ్ ఒకటి కొట్టి, పెన్సిల్‌తో గీత పెట్టాను. తర్వాత 2016 అక్టోబరు ఉత్తరాలు తెరిచి, ఆయన మొదటిసారి రంగు మారిన ఆకులు చూసిన రోజు నుంచి చదవడం మొదలుపెట్టాను.