రిఫరల్ మెయిల్: కబుర్లతో కలిపి రాయాలా, విడిగా పంపాలా?

తన కంపెనీలో ఉద్యోగానికి రిఫర్ చేస్తానన్న సీనియర్‌కి కొందరు అన్నీ కలిపి ఒకే మెయిల్ రాస్తారు: "అన్నా, బాగున్నారా? ఇక్కడ మా మేనేజర్‌తో పడటం లేదు. R-20417 జాబ్‌కి చూడండి, రెజ్యూమె జత చేశాను." ఆయన చదువుకోవడానికి బాగానే ఉంటుంది. హైరింగ్ మేనేజర్‌కి ఫార్వర్డ్ కొడితే మాత్రం ఆ గొడవా వెళ్తుంది. వద్దనుకుంటే మీ గురించి ఆయనే కొత్తగా రాయాలి. ఇక అది శనివారానికి వాయిదా!

నా ఓటు రెండో పద్ధతికే. కబుర్లు వాట్సాప్‌లో ముగించి, మెయిల్ సబ్జెక్టులో జాబ్ ఐడీ, పోస్టు పేరు, ఊరు పెట్టాలి. లోపల ఆయనే మీ గురించి చెబుతున్నట్టు మూడు వాక్యాలు:

"జావా బ్యాకెండ్‌లో 4 ఏళ్ల అనుభవం. పేమెంట్ రిపోర్టు 40 నిమిషాలు పట్టేది, 6కి తగ్గించారు. ఉండేది హైదరాబాద్‌లో, నోటీసు 60 రోజులు."

"నేను" అని రాస్తే ప్రతి వాక్యం ఆయన దిద్దుకోవాలి.

ఆయన మెయిల్ ఫార్వర్డ్ చేయకుండా కంపెనీ రిఫరల్ పోర్టల్‌లో మాత్రమే నింపేటట్టయితే ఈ సమ్మరీ పెద్దగా అక్కరకు రాదు. అప్పుడు కావలసింది జాబ్ ఐడీ, రెజ్యూమెలో ఉన్న ఫోను, మెయిలే. మీరు ముందే అప్లై చేసి ఉంటే చెప్పేయండి, చాలా కంపెనీల్లో ఆ తర్వాత రిఫరల్ లెక్కలోకి రాదు.