నాలుగేళ్ల వాడకం తర్వాత: బెజియర్ దారిలో కెమెరాకు ఆర్క్ లెంగ్త్ టేబుల్

ఇళ్లు కట్టకముందే వాటిలో నడిచినట్టు చూపించే వాక్‌త్రూలు చేయడం నా పని. గేటు దాటి, వాకిలి మీదుగా హాల్లోకి వెళ్లే కెమెరా దారులన్నీ నాలుగు పాయింట్లతో వంపు గీసే క్యూబిక్ బెజియర్‌లతోనే గీస్తాను. మొదట్లో అందరిలాగే, దారి మీద ఎక్కడున్నామో చెప్పే t విలువను 0 నుంచి 1 దాకా సమానంగా పెంచుతూ కెమెరాను నడిపేవాణ్ణి. ఒక ఇంటాయన వీడియో చూసి, "ఇదేంటండీ, గేటు దగ్గర నత్తలా పాకుతోంది, గుమ్మం దగ్గరికొచ్చేసరికి పరుగెడుతోంది?" అన్నారు. ఆ రోజు నుంచి ఆర్క్ లెంగ్త్ టేబుల్ వాడుతున్నాను. నాలుగేళ్లయింది.

ఆయన చూసిన దారి నాకింకా గుర్తుంది. మీటర్లలో దాని నాలుగు పాయింట్లు (0,0), (1,0), (10,2), (10,10). మొదటి రెండు పాయింట్ల మధ్య గీత మొదటి హ్యాండిల్, చివరి రెండింటి మధ్యది చివరి హ్యాండిల్. ఈ దారిని పది సెకన్లలో దాటించాలి. బెజియర్‌లో మొదటి క్షణపు వేగం మొదటి హ్యాండిల్ పొడవుకి మూడింతలు, చివరి వేగం చివరి హ్యాండిల్‌కి మూడింతలు. ఇక్కడ మొదటి హ్యాండిల్ ఒక మీటరు, చివరిది ఎనిమిది. ఆ మూడింతలని పది సెకన్లతో భాగిస్తే, కెమెరా సెకనుకి 0.3 మీటర్లతో బయల్దేరి 2.4 మీటర్లతో గుమ్మానికి చేరుతుంది. ఎనిమిది రెట్లు తేడా. దారి మొత్తం సుమారు 15.4 మీటర్లుంటే, సగం సమయానికి నడిచింది 5.8 మీటర్లే. మిగతాదంతా రెండో సగంలో ఉరుకులు పరుగులే.

t అనేది దూరం కాదు, ఫార్ములాకి ఇచ్చే ఒక సంఖ్య మాత్రమే. మనకు కావలసింది "s మీటర్లు నడిచాక t ఎంత?" అనే ప్రశ్నకు జవాబు. క్యూబిక్‌కి ఆ జవాబిచ్చే సూటి ఫార్ములా లేదు. అందుకే వక్రాన్ని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క చివరికి మొత్తం ఎంత దూరం వచ్చామో ముందే టేబుల్‌లో రాసి పెట్టుకుంటాం. పై దారిని పది ముక్కలు చేస్తే t = 0.6 దగ్గర 7.51 మీటర్లు, 0.7 దగ్గర 9.31 మీటర్లు వస్తాయి. సగం దూరం 7.72. అది ఈ రెండింటి మధ్య ఉంది కాబట్టి, ఆ నిష్పత్తిలో లెక్కేస్తే t = 0.612 అవుతుంది. నేను వాడే కోడ్ ఇంతే, ఇందులో N ముక్కల సంఖ్య, len ఆ టేబుల్:

```js
function tAt(s) {
  let lo = 0, hi = N;
  while (hi - lo > 1) {
    const m = (lo + hi) >> 1;
    if (len[m] <= s) lo = m; else hi = m;
  }
  return (lo + (s - len[lo]) / (len[hi] - len[lo])) / N;
}
```

ప్రతి ఫ్రేమ్‌కీ `s += v * dt` చేసి, వచ్చిన s ని దీనికి ఇస్తే సరిపోతుంది. సరిగ్గా పని చేస్తోందో లేదో చూడటానికి అర సెకనుకో చుక్క చొప్పున దారి మీద పెడతాను. టేబుల్ లేనప్పుడు చుక్కలు గేటు దగ్గర కుప్పగా పడి, గుమ్మం వైపు దూరందూరంగా జరిగిపోతాయి. టేబుల్ పెట్టాక ముగ్గు చుక్కల్లా సమానంగా కుదురుతాయి. గ్రాఫ్‌లకన్నా నాకు ఈ చుక్కల మీదే నమ్మకం ఎక్కువ.

అయితే టేబుల్ పెట్టిన తొలి వారాల్లోనే ఒక విషయం తెలిసొచ్చింది. పది ముక్కలు పొడవు కొలవడానికి బాగానే సరిపోతాయి. వంద ముక్కలు చేసినా మొత్తం పొడవులో తేడా ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు. కానీ వేగానికి అవి చాలవు. టేబుల్‌లోని రెండు విలువల మధ్య మనం నిష్పత్తి లెక్క వేస్తున్నామంటే, ఆ ముక్క లోపల t మళ్లీ సమానంగానే పెరుగుతోందని అర్థం. అంటే పాత జబ్బు ప్రతి ముక్కలోనూ చిన్నదిగా మిగిలే ఉంటుంది. మన దారిలో వేగం 1.54 ఉండాలి. మొదటి ముక్కలో అది 0.88తో మొదలై 2.17కి చేరుతుంది, రెండో ముక్కలో అడుగుపెట్టగానే 1.23కి పడిపోతుంది. ఆ పడిపోవడం కంటికి చిన్న కుదుపులా కనిపిస్తుంది. నేను చాలాసేపు ఫ్రేమ్ రేట్‌ని అనుమానించి వెతికాను. తేడా ఎలా తెలుస్తుందంటే, ఫ్రేమ్ రేట్ కుదుపు ఒక్కోసారి ఒక్కోచోట వస్తుంది, టేబుల్ కుదుపు ఎన్నిసార్లు ఆడించినా అదే చోట వస్తుంది. వంద ముక్కలకి వెళ్లినా మొదటి ముక్కలో ఏడు శాతం దాకా తేడా ఉండేది. హ్యాండిల్ చిన్నదైన చోట వేగం అంత త్వరగా మారుతుంది మరి. ఇప్పుడు నేను ఐదు వందలు పెడతాను. టేబుల్ ఒక్కసారే కట్టేది కాబట్టి భారం తెలియదు.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత ఎదురైంది. వేగం సమానమయ్యాక చుక్కలు చక్కగా ఉన్నాయి, కానీ బయల్దేరగానే కెమెరా ఎవరో తల పట్టుకుని తిప్పినట్టు పక్కకి తిరిగేది. మొదటి సెకనులో మూడో వంతులోనే పది డిగ్రీలు. పాత పద్ధతిలో ఇది లేదే అని టేబుల్‌నే అనుమానించాను. తప్పు టేబుల్‌ది కాదు. వక్రం మొదట్లోనే గట్టిగా వంగి ఉంది, పాత నత్తనడక ఆ వంపును కప్పిపుచ్చింది. మొదటి పాయింట్ దగ్గర వంపు ఎంతో తెలియాలంటే, మొదటి హ్యాండిల్ దిశలో ఒక గీత గీసి, దాని నుంచి మూడో పాయింట్ ఎంత ఎడంగా ఉందో చూడాలి. ఆ దూరాన్ని హ్యాండిల్ పొడవు వర్గంతో భాగించి, మూడింట రెండు వంతులు తీసుకోవాలి. ఇక్కడ ఎడం రెండు మీటర్లు, హ్యాండిల్ ఒకటి. వంపు 1.33. దాన్ని వేగంతో గుణించి, వచ్చిన రేడియన్లను డిగ్రీల్లోకి మారిస్తే తిరిగే జోరు సెకనుకి దాదాపు 118 డిగ్రీలు! హ్యాండిల్‌ని మూడు మీటర్లకు లాగితే వంపు తొమ్మిదో వంతుకి పడిపోయి, అదే వేగంలో 13 డిగ్రీలకు వచ్చింది. కెమెరా ఒక్కసారిగా నెమ్మదించినట్టు అనిపించింది, నిజానికి వేగం ఏమీ మారలేదు.

కాబట్టి టేబుల్ వచ్చింది కదా అని హ్యాండిల్స్‌ని ఇష్టం వచ్చినట్టు వదిలేయకూడదు. వేగానికి వాటితో పని లేదు, తిరుగుడుకి ఉంది. రెండు వక్రాలు కలిసేచోట మాత్రం ఇదే గుణం పెద్ద సాయం. రెండు వైపులా హ్యాండిల్స్ ఒకే గీతలో ఉండి పొడవులు వేరైతే, పాత పద్ధతిలో అతుకు దగ్గర వేగం ఎగిరిపడేది. ఇప్పుడు వేగంలో ఆ అతుకు తెలియనే తెలియదు. ఒక్కటే జాగ్రత్త, అతుకు దాటిన ఫ్రేమ్‌లో మిగిలిన దూరాన్ని తర్వాతి వక్రానికి మోసుకెళ్లాలి. సున్నా నుంచి మొదలెడితే ఆ రెండు మూడు సెంటీమీటర్లే చిన్న ఆగుడులా కనిపిస్తాయి.

టేబుల్ లేకుండా ప్రతి ఫ్రేమ్‌కీ దూరాన్ని ఆ చోటి వేగంతో భాగించి t కి కలిపే పద్ధతీ కొన్నాళ్లు వాడి చూశాను. కోడ్ ఒక్క లైనే. కానీ తప్పు ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ పేరుకుపోతుంది, నెమ్మది మెషీన్‌లో ఒకలా వేగమైన దాంట్లో ఇంకోలా ఆగుతుంది. పైగా ఎవరైనా హ్యాండిల్‌ని లాగకుండా వదిలేస్తే మొదటి వేగం సున్నా, సున్నాతో భాగహారం, తెర ఖాళీ. వెంటనే మానేశాను.

త్రీ జేఎస్‌లో పని చేసేవాళ్లకి ఇదంతా లోపలే ఉంది. `getPoint(t)` బదులు `getPointAt(u)` వాడాలి, ముక్కల సంఖ్య `arcLengthDivisions`లో ఉంటుంది, మామూలుగా 200. పాయింట్లు జరిపాక `updateArcLengths()` పిలవడం మరచిపోతే అది పాత పొడవులతోనే నడుస్తుంది. కెమెరా కొత్త దారిలోనే వెళ్తుంది, వేగం మాత్రం మళ్లీ ఎగుడుదిగుడవుతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. నాకు ఒక పూట మొత్తం దీనికే పోయింది.

బయల్దేరడం, ఆగడం మెత్తగా ఉండాలంటే ఆ ఈజింగ్‌ని s మీద పెట్టండి, t మీద కాదు. మొదటి సెకనులో సున్నా నుంచి 1.54కి పెంచి, చివరి సెకనులో అలాగే దించితే మన దారికి పది సెకన్ల బదులు పదకొండు పడుతుంది. ఆ ఇంటాయనకి చివరికి పంపింది ఈ పదకొండు సెకన్ల వీడియోనే.