స్మార్ట్ వాచ్ కొన్నవాళ్లు దాని యాప్‌కి ఇచ్చిన పర్మిషన్లు ఒకసారి చూసుకోండి

పోయిన నెల మా పిన్ని ఫోన్ చేసి, "ఏంట్రా, నడక పోటీకి రమ్మని నాకు మెసేజ్ పెట్టావు?" అంది. నేనేమీ పెట్టలేదు. అరగంటలో ఇంకో ఇద్దరు అదే మాట. అందులో ఒకాయన ఎప్పుడో కుళాయి బాగుచేసి వెళ్లిన ప్లంబర్!

ఆరా తీస్తే, అది ఏడాది కిందట కొన్న వాచ్ తాలూకు యాప్ పని. వాచ్‌ని ఫోన్‌తో కలిపేటప్పుడు క్యూఆర్ కోడ్ కోసం కెమెరా అడిగింది. కాల్ వస్తే పేరు కనపడాలని కాంటాక్ట్స్ అడిగింది. రెండూ సబబుగానే అనిపించి ఇచ్చేశాను. తర్వాత ఏదో అప్‌డేట్‌లో 'స్నేహితులతో పోటీ' వచ్చి చేరింది. అదీ పాత పర్మిషన్ మీదే నడిచింది. ఫోన్ మళ్లీ నన్ను అడగలేదు.

వాడని యాప్‌ల పర్మిషన్లు ఆండ్రాయిడ్ తనే తీసేస్తుంది కదా అని నేనూ ధీమాగా ఉన్నాను. కొన్ని నెలలు అసలు తెరవని యాప్‌లకే అది వర్తిస్తుంది. నేనేమో అడుగులు చూసుకోవడానికి దీన్ని రోజూ తెరుస్తున్నాను. ఏ యాప్ ఏ పర్మిషన్‌ని ఎప్పుడు వాడిందో చూపించే Privacy dashboard తెరిచి చూసినా లాభం లేకపోయింది. నా ఫోన్‌లో అది చివరి 24 గంటలే చూపిస్తుంది, ఈ యాప్ ఏమో నా కాంటాక్ట్స్‌ని ఎప్పుడో పట్టుకుపోయింది.

అందుకే ఇప్పుడు మూడు నెలలకోసారి సెట్టింగ్స్‌లో Permission manager తెరుస్తున్నాను. ఒక్కో యాప్‌లోకి వెళ్లి చూస్తే ఓపిక చాలదు. అక్కడ Contacts నొక్కితే, పర్మిషన్ ఉన్న యాప్‌లన్నీ ఒకేచోట కనిపిస్తాయి. నా ఫోన్‌లో టార్చ్ యాప్ కూడా ఉంది, దానికి నా చుట్టాలతో ఏం పనో! ఐఫోన్‌లో అయితే ఇదే జాబితా Privacy & Security లో ఉంటుంది.

కెమెరా, మైక్‌లతో అంత తంటా లేదు. Ask every time పెడితే అవసరమైనప్పుడే అడుగుతుంది. వాడుతున్నప్పుడు స్క్రీన్ పైన ఆకుపచ్చ గుర్తు కూడా వెలుగుతుంది (ఆండ్రాయిడ్ 12 నుంచి). కాంటాక్ట్స్‌కి నా ఫోన్‌లో ఆ మధ్యే మార్గం లేదు, Allow లేదా Don't allow, అంతే. గుర్తేమీ వెలగదు. ఒక్కసారి చదివిందంటే జాబితా మొత్తం దాని చేతికి పోయినట్టే. నేను Don't allow పెట్టాక, కాల్ వచ్చినప్పుడు వాచ్ మీద పేరు బదులు నంబరు కనిపిస్తోంది. ఆ మాత్రం సర్దుకుపోవచ్చు.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పర్మిషన్ తీసేసినా, యాప్‌నే పీకేసినా, అప్పటికే వాళ్ల సర్వర్‌కి చేరిన నంబర్లు అక్కడే ఉంటాయి. కాబట్టి యాప్ తీసేసే ముందే లోపల అకౌంట్ సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ చేసిన కాంటాక్ట్స్‌ని తొలగించే ఆప్షన్ ఉందేమో వెతకండి. నా యాప్‌లో లేదు. డేటా తొలగించమని మెయిల్ పెట్టి పన్నెండు రోజులైంది, "మీ అభ్యర్థన అందింది" అన్న ఒక్క జవాబు తప్ప ఏమీ రాలేదు.