లీడ్ చవగ్గా తెస్తామనే ఏజెన్సీతో జాగ్రత్త: ఎంక్వైరీలు 2100, సైట్‌కి వచ్చింది 17 మంది

రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులకి లీడ్లు తెచ్చే ఏజెన్సీలు ఎలా పనిచేస్తాయో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మనం బడ్జెట్ ఇస్తాం, వాళ్ళు ఫేస్‌బుక్‌లోనూ గూగుల్‌లోనూ యాడ్స్ నడుపుతారు, నెలాఖరుకి రిపోర్టు పంపుతారు. ఆ రిపోర్టులో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది ఒక్కో లీడ్‌కి ఎంత పడింది అన్న అంకె. మా చేతులు కాలింది దాని దగ్గరే. ఇవాళే లెక్క తేలింది. ఇంకొకరు ఈ నెల బడ్జెట్ విడుదల చేసేలోగా చదువుతారని రాస్తున్నాను.

మొదటి నెల రెండు క్యాంపెయిన్లు నడిచాయి. ఒకటి ఫేస్‌బుక్ ఫారం యాడ్. దానికి 3 లక్షల ఖర్చు, 1200 ఎంక్వైరీలు, అంటే లీడ్‌కి 250. రెండోది గూగుల్ సెర్చ్ నుంచి మా వెబ్ పేజీకి తెచ్చేది. దానికి లక్షన్నర ఖర్చు, 150 ఎంక్వైరీలు, లీడ్‌కి 1000. "రెండోది నాలుగు రెట్లు ఖరీదు సార్, ఆపేసి ఆ డబ్బు కూడా ఫేస్‌బుక్‌లో పెడదాం" అన్నారు ఏజెన్సీవాళ్ళు. సరే అన్నాం. ఆ సరే అనకముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ 1200 మందిలో ఎంతమంది సైట్‌కి వచ్చారు, ఆ 150 మందిలో ఎంతమంది వచ్చారు? అడగలేదు. అది పూర్తిగా మా తప్పు.

రెండో నెల మొత్తం నాలుగున్నర లక్షలూ ఫారం యాడ్‌కే పోయాయి. ఎంక్వైరీలు 1350 నుంచి 2100కి పెరిగాయి. లీడ్ ఖర్చు 333 నుంచి 214కి దిగింది. రిపోర్టులో ఇది విజయం. సేల్స్ ఆఫీసులో మాత్రం శని, ఆదివారాలు కూడా కుర్చీలు ఖాళీ. అప్పుడు గేటు దగ్గరి విజిటర్ రిజిస్టర్ తీసి, ప్రతి ఫోన్ నంబరునీ లీడ్ షీట్‌తో సరిపోల్చాం.

మొదటి నెల లీడ్లలో, ఎంక్వైరీ ఇచ్చిన 30 రోజుల్లోపు సైట్‌కి వచ్చినవాళ్ళు ఫేస్‌బుక్ నుంచి 15 మంది, గూగుల్ నుంచి 18 మంది. అంటే ఫేస్‌బుక్‌లో ఒక్కో విజిట్‌కి 20,000 పడింది, "ఖరీదైన" గూగుల్‌లో 8,333 పడింది. ఒకచోట 80 ఎంక్వైరీలకి ఒకరు వచ్చారు, ఇంకోచోట 8 మందికి ఒకరు. ఎంక్వైరీ నాలుగు రెట్లు ఖరీదే, కానీ రావడం దాదాపు పది రెట్లు ఎక్కువ. రెండో నెల 2100 మందిలో వచ్చింది 17 మంది. విజిట్‌కి 26,470. అదే డబ్బుకి ముందు నెల 33 మంది వచ్చారు. సగానికి సగం పోయింది, రిపోర్టులో మాత్రం అంతా బాగుపడినట్టే ఉంది.

ఈ అంకెలు ముందు పెట్టినప్పుడు వాళ్ళు రెండు మాటలు అన్నారు. మొదటిది: "విజిట్లు 61 ఉన్నాయి కదా సార్." ఆ 61 ఏమిటని చూస్తే, ఫోన్లో "సరే, ఆదివారం వస్తాం" అన్నవాళ్ళు. సైట్ విజిట్ ఫిక్స్ అయినవి. సైట్ విజిట్ జరిగినవి కావు. రిపోర్టులో కాలమ్ పేరు "సైట్ విజిట్" అని మాత్రమే ఉంది. రెండోది: "మా పని లీడ్ తేవడం వరకే. సైట్‌కి రప్పించడం మీ టెలీకాలర్ల పని." ఈ మాటే ఇంకా గుండెల్లో మండుతోంది. ఎందుకంటే ఆ తర్వాత యాడ్ అకౌంట్ యాక్సెస్ పట్టుబట్టి తీసుకుని చూస్తే, నెల మధ్యలో మాకు చెప్పకుండా ఫారమే మార్చేశారు.

ఏం మార్చారో వివరంగా చెబుతాను, మీ అకౌంట్లోనూ ఇదే చూసుకోవాలి. ఫేస్‌బుక్ ఇన్‌స్టంట్ ఫారంలో రకాలుంటాయి. `Higher intent` పెడితే, పంపే ముందు తన వివరాలు సరిచూసుకుని ఖాయం చేసే ఇంకో మెట్టు వస్తుంది. `More volume` పెడితే ఆ మెట్టు ఉండదు. పేరు, ఫోన్ నంబరు ప్రొఫైల్ నుంచి వాటంతటవే నిండిపోతాయి. ఫోన్ చూసుకుంటూ ఊరికే రెండుసార్లు నొక్కినా లీడ్ అయిపోతుంది. ఎప్పుడో మానేసిన పాత నంబరు కూడా అలాగే వచ్చేస్తుంది. మేం ఒప్పుకున్న ఫారం మొదటి రకం, అందులో రెండు ప్రశ్నలు కూడా ఉన్నాయి: మీ బడ్జెట్ ఎంత, సైట్ ఎప్పుడు చూస్తారు. కొత్తది రెండో రకం, ప్రశ్నలు రెండూ తీసేశారు. యాడ్‌లో ఉన్న ధర కూడా తీసేశారు. ఫేస్‌బుక్‌లో లీడ్ ఖర్చు 250 నుంచి 214కి తగ్గింది వీటివల్లే, ఇంకే నైపుణ్యంవల్లా కాదు. ఒకసారి పబ్లిష్ చేసిన ఫారాన్ని మార్చడం కుదరదు, కాపీ తీసి కొత్తది చేయాలి. అందుకే పాతదీ కొత్తదీ ఫారం లైబ్రరీలో తేదీలతో పక్కపక్కనే కనిపించాయి. లేకపోతే ఈ మార్పు మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. యాడ్ సిస్టమ్‌కి మనం ఏది గెలుపని చెబితే దాన్నే వెతుకుతుంది. ఫారం నింపడమే గెలుపంటే, ఏ ఫారమైనా సులువుగా నింపేసే మనుషులనే వెతికి తెస్తుంది. రోజులు గడిచేకొద్దీ లీడ్ చవకవుతూ, ఫోన్ ఎత్తేవాళ్ళు తగ్గుతూ పోవడానికి ఇదీ ఒక కారణం.

టెలీకాలర్ల మీద వేసిన నిందలో కాస్త నిజం ఉంది, అది దాచను. అదే ఇద్దరు మనుషులు, 1350 బదులు 2100 నంబర్లకి చేయాల్సి వచ్చింది. మొదటి కాల్ గంటలోపు వెళ్ళాల్సింది మర్నాటికి వెళ్ళింది. ఫోన్ మోగినా ఎత్తనివాళ్ళకి మళ్ళీ మళ్ళీ చేయడంలోనే రోజు గడిచిపోయింది, నిజంగా కొనాలనుకున్నవాళ్ళు ఈలోగా వేరే ప్రాజెక్టు చూసేశారు. చెత్త లీడ్ ఊరికే రాదు, మంచి లీడ్‌కి పెట్టాల్సిన సమయాన్ని తినేస్తుంది. అయితే మొదటి నెల రెండు క్యాంపెయిన్లకీ మాట్లాడింది ఒకే మనుషులు, ఒకే స్క్రిప్టు. తప్పంతా టెలీకాలర్లదే అయితే 80కి ఒకరు, 8కి ఒకరు అన్న తేడా రాకూడదు. మీకూ ఈ వాదన వస్తే ఇలాగే విడదీసి చూపించండి. ఎంక్వైరీ వచ్చిన సమయం, మొదటి కాల్ వెళ్ళిన సమయం షీట్‌లో పక్కపక్కన ఉంటే ఎవరి తప్పు ఎంతో తేలిపోతుంది.

ఇక లెక్క కట్టే పద్ధతి. విజిట్ అంటే ఏమిటో ముందే కాగితం మీద రాసుకోవాలి: మనిషి సైట్‌కి వచ్చాడు, గేటు దగ్గర ఓటీపీతో ఫోన్ నంబరు నమోదైంది, ఇదే మొదటిసారి రావడం. రెండోసారి కుటుంబంతో వస్తే అది రీవిజిట్, వేరే కాలమ్. బ్రోకర్ తీసుకొచ్చినవాళ్ళు ఈ లెక్కలోకి రారు. నంబర్లు సరిపోల్చేముందు దేశం కోడ్, ముందున్న సున్నా, మధ్యలో ఖాళీలు తీసేయాలి, లేకపోతే వచ్చినవాళ్ళు కూడా రానట్టే కనిపిస్తారు. భర్త నంబరుతో ఎంక్వైరీ ఇచ్చి భార్య నంబరు గేటు దగ్గర చెప్పే సందర్భాలూ ఉంటాయి. అందుకని సరిపోలని పేర్లను సేల్స్ వాళ్ళు ఆ రోజే అడిగి రాయాలి, వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఈ నెల ఖర్చుని ఈ నెల విజిట్లతో భాగించకండి. పోయిన నెల లీడ్లు ఈ నెల వస్తాయి. బడ్జెట్ తగ్గించిన నెలలో విజిట్ చవకైనట్టు, పెంచిన నెలలో ఖరీదైనట్టు తప్పుగా కనిపిస్తుంది. ఒక నెలలో వచ్చిన లీడ్లని ఒక గుంపుగా పట్టుకుని, ఒక్కొక్కరూ ఎంక్వైరీ ఇచ్చాక 30 రోజుల్లో వచ్చారా లేదా చూడాలి. మేం ఒక్కో నెలకి ఒక్కో షీట్ ఫైల్ పెట్టాం. `Spend` ట్యాబ్‌లో `A` క్యాంపెయిన్ పేరు, `C` ఖర్చు. `Leads` ట్యాబ్‌లో `D` క్యాంపెయిన్ పేరు, `H` విజిట్ తేదీలోంచి ఎంక్వైరీ తేదీ తీసేస్తే వచ్చే రోజులు.

```
=SUMIFS(Spend!C:C,Spend!A:A,"FB")/COUNTIFS(Leads!D:D,"FB",Leads!H:H,">=0",Leads!H:H,"<=30")
```

సున్నా కంటే తక్కువ ఉన్నవాటిని వదిలేయడం ముఖ్యం. ముందే సైట్ చూసి వెళ్ళి, తర్వాత యాడ్ కనిపించి ఫారం నింపినవాళ్ళు అందులో పోతారు. విజిట్ తేదీ ఖాళీగా ఉన్న వరసలు కూడా పెద్ద మైనస్ అంకెగా మారి అక్కడే ఆగిపోతాయి. ఒకే నంబరు రెండు క్యాంపెయిన్లలో ఉంటే మొదట ఎక్కడ వచ్చిందో దానికే రాయండి, నెల మధ్యలో ఈ నియమం మార్చకండి. `Spend`లో యాడ్ ఖర్చు ఒక్కటే కాదు, ఏజెన్సీ ఫీజు, టెలీకాలర్ జీతాలు కూడా లీడ్ల సంఖ్యని బట్టి పంచి వేయండి. అప్పుడు చవక లీడ్ అసలు బరువు తెలుస్తుంది.

దీనికి ఒక హద్దుంది. విజిట్లు తక్కువ సంఖ్యలో ఉంటాయి. ఒక యాడ్‌కి ఇద్దరు, ఇంకో యాడ్‌కి ముగ్గురు వస్తే దాన్నిబట్టి ఏదీ ఆపకూడదు. క్యాంపెయిన్ స్థాయిలో ఓ పాతిక విజిట్లు పోగయ్యేదాకా ఆగాలి, ఈలోగా ఫోన్ ఎత్తి బడ్జెట్ సరిపోయిందని చెప్పినవాళ్ళ శాతం చూసుకోవాలి. యాడ్ సిస్టమ్‌కి విజిట్ సమాచారం తిరిగి పంపాలన్నా ఇదే ఇబ్బంది. ఫేస్‌బుక్‌లో ఒక యాడ్ సెట్ కుదురుకోవాలంటే వారంలో దాదాపు 50 ఫలితాలు కావాలి, అన్ని విజిట్లు ఎక్కడివి? కాబట్టి సిస్టమ్‌కి "అర్హత ఉన్న లీడ్" దశను లక్ష్యంగా ఇచ్చి, ఏజెన్సీ పనిని మాత్రం విజిట్‌తోనే కొలవండి. గూగుల్ అయితే ప్రతి యాడ్ క్లిక్‌కీ అది ఇచ్చే గుర్తు `gclid`ని వెబ్ ఫారంలో దాగిన గడిలో పట్టుకుని లీడ్‌తోపాటు దాచండి. క్లిక్ అయిన 90 రోజుల్లోపు ఆ లీడ్ సైట్ విజిట్‌ని ఆఫ్‌లైన్ కన్వర్షన్‌గా గూగుల్‌కి తిరిగి ఎక్కించవచ్చు. మొదటిరోజు నుంచి దాచకపోతే తర్వాత ఏం చేసినా అది దొరకదు. మాకు గూగుల్ లీడ్లు 150లో ఒక్కదానికీ లేదు.

మీరు సంతకం పెట్టేముందు: యాడ్ అకౌంట్ మీ పేరున ఉండాలి, ఏజెన్సీ పార్ట్‌నర్‌గా మాత్రమే చేరాలి. ఫారం, యాడ్‌లో ధర మార్చాలంటే ముందుగా మెయిల్ పెట్టాలని రాయించుకోండి. రిపోర్టులో విజిట్ ఫిక్స్, విజిట్ జరిగింది అని రెండు వేర్వేరు కాలమ్‌లు అడగండి. మేం గూగుల్ క్యాంపెయిన్ మళ్ళీ మొదలుపెట్టాం, దాచిన గడి ఈసారి పెట్టాం.