ఎక్స్‌పైరీ క్లెయిమ్‌ల సాఫ్ట్‌వేర్: కొనాలా, చేయించుకోవాలా? నాలుగేళ్లు వాడాక

బరంపురంలో మాది మందుల హోల్‌సేల్. ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం దాకా షాపులకు సరుకు వేస్తాం. 2021 నుంచి మా దగ్గర రెండు సాఫ్ట్‌వేర్లు నడుస్తున్నాయి. బిల్లింగ్‌ది కొన్నాం. ఎక్స్‌పైరీ, బ్రేకేజ్ క్లెయిమ్‌లది చేయించుకున్నాం.

క్లెయిమ్‌లది కూడా కొనాలనే మొదట అనుకున్నాం. బిల్లింగ్ వాళ్ల ప్యాకేజీలో ఎక్స్‌పైరీ రిపోర్టు ఉంది. అయితే అది ఏ సరుకు గడువు ఎప్పుడో చెప్పి ఊరుకుంటుంది. మాకు కావలసింది అంతకంటే ఎక్కువ. ఒక కంపెనీ గడువు దాటిన మూడు నెలల లోపు వాపసు తీసుకుంటుంది, ఇంకొకటి ముందే పంపమంటుంది, కొందరు కత్తిరించిన స్ట్రిప్పులు ముట్టుకోరు. ఈ లెక్కలన్నీ కలిపి మార్చి ఇవ్వడానికి వాళ్లు 42 వేలు అడిగారు, పైన ఏటా 11 వేలు. తెలిసినవాళ్ల అబ్బాయి బీసీఏ చదివాడు, 60 వేలకు చేసిపెట్టాడు. మొదటి ఖర్చు ఎక్కువే అయినా ఏటా కట్టేది ఉండదని లెక్క వేశాం.

చేయించుకోవడంలో అసలు లాభం డబ్బులో కాదు, గోడౌన్‌లో కనిపించింది. మా వాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదువు మాత్రం ఒడియాలో. ఇంగ్లిష్ స్క్రీన్ చూస్తే తడబడతారు. ఆ అబ్బాయి బటన్లు, హెడ్డింగులు అన్నీ ఒడియాలో పెట్టాడు. పెట్టె తెరిచి బ్యాచ్ నంబరు, నెల, ఎన్ని స్ట్రిప్పులో ఎక్కించడం వారంలో వచ్చేసింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఇప్పటికీ ఇద్దరే కూర్చోగలరు.

2023లో ఆ అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో గోడౌన్ చూసుకునే పెద్దాయన ఒక పెట్టె తెచ్చాడు. "బాబూ, ఇది టైమ్ అయిపోయిన లిస్టులో ఉంది. ఇదే బ్యాచ్ పక్క ఏజెన్సీ వాళ్లు నిన్ననే పంపారు, తీసుకున్నారట" అన్నాడు. పెట్టె మీద EXP 03/24 అని ఉంది. అంటే మార్చి 31 వరకు మందు చెల్లుతుంది, మూడు నెలల గడువు జూన్ 30 వరకు. మా సాఫ్ట్‌వేర్ ఆ తేదీని మార్చి 1గా దాచుకుని, జూన్ 1కే తలుపు మూసేసింది. ప్రతి బ్యాచ్‌కూ ఒక నెల పోతోందన్నమాట. వెనక్కి వెళ్లి లెక్క తీస్తే, వాపసు వచ్చే సరుకులో 23 వేల రూపాయలది ధ్వంసం చేసే లిస్టులోకి వెళ్లిపోయింది. సరిచేసింది ఒక్క వరుస:

```sql
LAST_DAY(DATE_ADD(expiry, INTERVAL 3 MONTH))
```

తెలిసినవాడికి పది నిమిషాల పని. మాకు అయిదు వారాలు పట్టింది. సర్వర్ పాస్‌వర్డు ఆ అబ్బాయి సొంత మెయిల్‌లో ఉండిపోయింది, కోడ్ ఎలా ఉందో రాసిపెట్టిన కాగితం ఒక్కటీ లేదు. తప్పు అతనిది అనను, అడగాల్సింది మేమే. ఆ అయిదు వారాలు పడ్డ టెన్షన్‌కు ఏ కొటేషన్‌లోనూ ధర ఉండదు.

రెండో దెబ్బ జీఎస్‌టీది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. కొన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ముందే అప్‌డేట్ వచ్చింది, ఆ సోమవారం ఉదయం మామూలుగా బిల్లులు కొట్టాం. ఏటా కట్టే రెన్యువల్ దేనికో ఆ రోజు తెలిసింది. క్లెయిమ్‌ల సాఫ్ట్‌వేర్‌లో మాత్రం 12 అనే అంకె కోడ్‌లోనే రాసి ఉంది. అక్టోబర్‌లో 5 శాతంతో కొన్న సిరప్ సీసాలు పగిలితే, 12 వేసి క్లెయిమ్ పంపింది. కంపెనీ వెనక్కి తిప్పింది. పాత బిల్లుల సరుకుకు 12 ఉండాల్సిందే కాబట్టి అంకె మార్చేస్తే చాలదు. ఏ కొనుగోలు బిల్లు మీద ఏ శాతం ఉందో అదే తీసుకునేలా మార్పించాం.

నాలుగేళ్ల ఖర్చు కూడితే, మొదటి 60 వేలు, సర్వర్‌కు ఏటా 6 వేలు, రెండు మరమ్మతులకు 19 వేలు, పోయిన సరుకు 23 వేలు, మొత్తం లక్షా 26 వేలు. కొని ఉంటే 42 వేలకు నాలుగేళ్ల 44 వేలు కలిపి 86 వేలు. అయినా దాన్ని తీసేయలేదు. వేరేదానికి మారితే గోడౌన్ వాళ్లు మళ్లీ పుస్తకంలో రాసి, ఆ ఇద్దరి చేత ఎక్కించుకోవాలి. నెలాఖరున ఆ ఇద్దరికీ ఖాళీ దొరకదు.

ఇప్పుడు సర్వర్, డొమైన్ రెండూ ఏజెన్సీ పేరు మీదున్నాయి. రోజూ రాత్రి బ్యాకప్ షాపు కంప్యూటర్‌లోకి వస్తుంది. కోడ్ ఇంకో కుర్రాడి చేత తెరిపించి, చదివించి, రెండు పేజీల నోట్సు రాయించాం. ఈ మధ్య షాపుల నుంచి ఆర్డర్లు తీసుకునే యాప్ కావాలనుకుంటే, ఆ కుర్రాడు తనే చేస్తానన్నాడు. వద్దన్నాను. ఆర్డర్ తీసుకోవడంలో మాకంటూ వేరే పద్ధతి ఏదీ లేదు, అందుకని బిల్లింగ్ వాళ్ల యాప్‌కే డబ్బు కట్టాం.