కడుపు ఆపరేషన్ తర్వాత డంపింగ్: తీపి మానడమా, కొద్దికొద్దిగా తినడమా, నీళ్లు విడిగా తాగడమా?

కడుపులో కొంత భాగం తీసేసినా, బైపాస్ చేసినా కొందరికి తిన్న కాసేపటికే ఒళ్లంతా చెమటలు పడతాయి, కడుపులో మెలిపెడుతుంది, గుండె దడదడలాడుతుంది. దీన్నే డంపింగ్ సిండ్రోమ్ అంటారు. దీనికి డాక్టర్లు చెప్పే మార్పులు మూడు. తీపి తగ్గించాలి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినాలి, తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. మూడూ ఒకేరోజు మొదలుపెట్టి నాలుగో రోజుకే విసిగి వదిలేసేవాళ్లు చాలామంది. ముందు దేన్ని పట్టుకోవాలో తెలియాలంటే గడియారం చూడాలి.

తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో, మహా అయితే గంటలోపు ఇబ్బంది మొదలైతే అది తొలిరకం. కడుపు చివర ఉండే జఠరనిర్గమం అనే ద్వారం ఆహారాన్ని కొంచెం కొంచెంగా కిందికి వదులుతుంది. ఆపరేషన్‌లో దాన్ని తీసేసినా, దాటవేసి దారి మళ్లించినా తిన్నది గబగబా చిన్నపేగులో పడుతుంది. చక్కెర చిక్కగా ఉన్న ఆహారం పేగులో పడితే రక్తంలోని నీరు అక్కడికి లాగబడుతుంది. పేగు ఉబ్బి నొప్పి, విరేచనాలు వస్తాయి. రక్తనాళాల్లో నీరు తగ్గడంతో, పేగు హార్మోన్లు ఒక్కసారిగా విడుదల కావడంతో దడ, చెమట, తలతిరుగుడు వస్తాయి.

ఒకటి నుంచి మూడు గంటల తర్వాత వచ్చేది మలిరకం. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కితే ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలై షుగర్ బాగా పడిపోతుంది. ఇందులో కడుపునొప్పి ముఖ్యం కాదు. చెమట, చేతుల వణుకు, ఆకలి, తికమక ఉంటాయి.

ఉదాహరణకు ఒకరి ఉదయం చూద్దాం. 8 గంటలకు జామ్ రాసిన రెండు బ్రెడ్ ముక్కలు, పెద్ద గ్లాసు పండ్లరసం. 8:20కి నొప్పి, చెమట, తర్వాత విరేచనం. 10:15కి మళ్లీ చెమట, వణుకు, గ్లూకోమీటర్‌లో 58. అంటే రెండు రకాలూ ఉన్నాయి.

ఇదే ఆహారాన్ని రెండుగా చేసి 8కి సగం, 10:30కి సగం తింటే తొలి నొప్పి తగ్గవచ్చు. పేగు మీద ఒక్కసారిగా పడే బరువు తగ్గింది కదా. కానీ రసంలోని చక్కెర అలాగే ఉంది కాబట్టి షుగర్ పడిపోవడం రోజుకు రెండుసార్లు కూడా జరగవచ్చు. చాలామంది పొరబడేది ఇక్కడే. కొద్దికొద్దిగా తింటున్నా తగ్గడం లేదంటారు, ఆ కొద్దిలోనే తీపి ఉందని గమనించరు.

ఈసారి జామ్, రసం రెండూ తీసేసి, బ్రెడ్‌తో పాటు గ్లాసు నీళ్లు తాగారనుకుందాం. 10:15 నాటి వణుకు చాలావరకు తగ్గుతుంది. 8:20 నాటి నొప్పి మాత్రం కొంత మిగలవచ్చు, నీళ్లు ఘనాహారాన్ని కిందికి తోసేస్తాయి కాబట్టి. అందుకే ఒక బ్రెడ్ ముక్క, గుడ్డు నెమ్మదిగా నమిలి తిని, నీళ్లు కనీసం అరగంట ఆగి గుక్కగుక్కగా తాగాలి. మాంసకృత్తులు, పీచు ఉన్న భోజనం చక్కెరను నెమ్మదిగా ఎక్కిస్తుంది. ఇలా కొద్దికొద్దిగా రోజుకు ఆరుసార్లు తినవచ్చు.

ఒక్కటే ఎంచుకోవాలంటే నేను తీపికే ముందు ఓటేస్తాను, అది రెండు రకాలకూ మూలం కాబట్టి. పండ్లరసం కూడా తీపి పానీయమేనని గుర్తుపెట్టుకోవాలి. గంటలోపు నొప్పి ఇంకా ఉంటే పరిమాణం తగ్గించి, నీళ్లు విడిగా తాగడం రెండో మెట్టు. నీళ్లు విడదీయమంటే తాగడం తగ్గించమని కాదు. భోజనాల మధ్య తగినంత తాగకపోతే, విరేచనాలు కూడా ఉన్నవాళ్లకు ఒంట్లో నీరు తగ్గి తలతిరుగుడు ఇంకా పెరుగుతుంది. తొలిరకం ఉన్నవాళ్లు తిన్నాక అరగంట పడుకుంటే మేలు చేస్తుంది, కానీ పుల్లటి తేన్పులు ఎగదన్నేవాళ్లు, అన్నవాహిక ఆపరేషన్ అయినవాళ్లు వెల్లకిలా పడుకోకూడదు.

వణుకు వచ్చి షుగర్ 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాల్లో మళ్లీ చూడాలి. కుదుటపడ్డాక తీపి లేని, మాంసకృత్తులున్న చిరుతిండి తినాలి. గ్లూకోజ్‌తోనే ఆగిపోతే మళ్లీ పడిపోయే అవకాశం ఉంది. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

ఒక వారం పాటు తిన్న సమయం, తాగిన సమయం, లక్షణం మొదలైన సమయం రాసి సర్జన్‌కు చూపించండి. ఆహారం మార్చినా తగ్గకపోతే మలిరకానికి అకార్‌బోస్, మొండి కేసులకు ఆక్ట్రియోటైడ్ లాంటి మందులున్నాయి. స్పృహ తప్పడం, బరువు వేగంగా తగ్గడం, ఆపరేషన్ అయిన కొత్తల్లో జ్వరంతో ఆగని కడుపునొప్పి ఉంటే డైరీ నింపుతూ కూర్చోవద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.